హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బు: నోటి పుండ్లు, తాగించడం, మళ్లీ డేకేర్‌కి పంపడం

డేకేర్‌లో ఒక పిల్లాడికి హ్యాండ్ ఫుట్ మౌత్ వచ్చిందని తెలిసిన రోజు నుంచి మిగతా తల్లిదండ్రులంతా తమ పిల్లల అరచేతులు తిప్పి చూసుకోవడం మొదలుపెడతారు. ఎర్రటి చుక్క కనిపిస్తే టెన్షన్, కనిపించకపోతే నిశ్చింత. కానీ ఈ జబ్బులో చేతుల మీద, కాళ్ల మీద వచ్చే పొక్కుల వల్ల పిల్లలకు పెద్దగా కష్టం ఉండదు. చాలామందికి అవి నొప్పి కూడా పెట్టవు. అసలు ఇబ్బంది నోట్లో ఉంటుంది. పుండ్ల మంటకు పిల్లలు తాగడం మానేస్తారు, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. ఈ జబ్బుతో ఆస్పత్రికి వెళ్లే పసిపిల్లల్లో ఎక్కువమంది వెళ్లేది ఇందుకే. ఇక డేకేర్‌కి మళ్లీ ఎప్పుడు పంపాలన్నది కూడా పొక్కుల్ని చూసి తేల్చుకునేది కాదు, ఎందుకన్నది కింద చూద్దాం.

ఇది ఎంటెరోవైరస్ కుటుంబానికి చెందిన కొన్ని వైరస్‌ల వల్ల వస్తుంది. కాక్సాకీ ఎ16 పాత, మామూలు రకం. కాక్సాకీ ఎ6 గత పదిహేనేళ్లుగా ఎక్కువగా కనిపిస్తోంది. దీనిలో పొక్కులు చేతులకు, కాళ్లకు పరిమితం కాకుండా మూతి చుట్టూ, పిరుదుల మీద, తొడల మీద కూడా వస్తాయి. ఒక్కోసారి చూడగానే ఆటలమ్మ అనుకునేంతగా ఉంటాయి. మూడోది ఎంటెరోవైరస్ ఎ71, అరుదుగా మెదడు మీద దెబ్బకొట్టేది ఇదే. పశువులకు వచ్చే గాలికుంటు వైరస్ వేరు, దానికీ దీనికీ సంబంధం లేదు.

వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 3 నుంచి 6 రోజులు పడుతుంది. ముందు జ్వరం, చిరాకు, తిండి మీద అయిష్టం. ఒకటి రెండు రోజుల్లో నోట్లో ఎర్రటి మచ్చలు వచ్చి, చిన్న నీటి పొక్కులై, అవి చితికి పుండ్లవుతాయి. అంచు ఎర్రగా, మధ్యలో పసుపు కలిసిన బూడిద రంగులో ఉంటాయి. నాలుక మీద, బుగ్గల లోపలివైపు, అంగిలి మీద ఎక్కువ. ఆ తర్వాత అరచేతులకు, అరికాళ్లకు పొక్కులు. అంటే చేతుల మీద మచ్చ కనిపించేసరికి పిల్లకు నోటి నొప్పి అప్పటికే మొదలై ఉంటుంది. ఈలోపు ఇంట్లోవాళ్లు పళ్లు వస్తున్నాయేమో, అందుకే చొంగ కారుతోందేమో అనుకుంటూ ఉంటారు. అది సహజమే. ఆ వయసులో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నోటి పుండ్లన్నీ ఈ జబ్బే అనుకోకూడదు. చిగుళ్లు వాచి, ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే రక్తం వస్తుంటే అది హెర్పిస్ వైరస్ కావచ్చు. ఆ తేడా తెలియడం వల్ల లాభం ఉంది. హెర్పిస్‌కు మందు ఉంది, అది మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. హ్యాండ్ ఫుట్ మౌత్‌కు అలాంటి మందు లేదు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు కాబట్టి దానితో ప్రయోజనం లేదు. జబ్బు వారం, పది రోజుల్లో తనంతట తానే తగ్గుతుంది. చేయాల్సిందల్లా మధ్యలో వచ్చే రెండు మూడు గడ్డు రోజుల్ని దాటించడం.

ఎంత తాగితే చాలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. 20 నెలల పాప, బరువు 11 కిలోలు. సోమవారం రాత్రి 101 డిగ్రీల జ్వరం వచ్చింది. మంగళవారం పొద్దున పాలసీసా నోట్లో పెట్టగానే ఏడ్చి తోసేసింది, చొంగ ధారగా కారింది. బుధవారం అరికాళ్ల మీద చుక్కలు కనిపించాయి. నోట్లో పుండ్లు నాలుగైదు స్పష్టంగా ఉన్నాయి.

పిల్లలకు రోజుకు ఎంత ద్రవం కావాలో లెక్కించడానికి డాక్టర్లు వాడే పద్ధతి సులువైనది. మొదటి 10 కిలోలకు కిలోకు 100 మిల్లీలీటర్లు, ఆపైన 20 కిలోల వరకు కిలోకు 50 మిల్లీలీటర్లు. ఈ పాపకు 1000, 50 కలిపి 1050 మిల్లీలీటర్లు. ఇందులో పాలు, నీళ్లు, తిండిలోని తడి అన్నీ వస్తాయి. నోరు మండే రోజుల్లో ఈ మొత్తం తాగించడం కష్టం, ఆ అవసరం కూడా లేదు. సగానికి తగ్గకుండా లోపలికి వెళ్తూ, ఆరు నుంచి ఎనిమిది గంటలకు ఒకసారైనా మూత్రం వస్తూ, పిల్ల మెలకువగా ఉన్నప్పుడు చుట్టూ జరిగేది పట్టించుకుంటూ ఉంటే ఇంట్లోనే నెట్టుకురావచ్చు. ఈ పాపకు ఆ సగం సుమారు 525 మిల్లీలీటర్లు.

చిన్న సిరంజితో 5 మిల్లీలీటర్ల చొప్పున, ఐదు నిమిషాలకోసారి ఇస్తే గంటకు 60 మిల్లీలీటర్లు వెళ్తాయి. వినడానికి తక్కువే అయినా అది చాలు. మరి ఏ పెద్దవాళ్లూ రోజంతా సిరంజి పట్టుకుని కూర్చోలేరు, ఏ పాపా ఒప్పుకోదు. అందుకే నొప్పి తగ్గే వేళను వాడుకోవాలి. పారాసిటమాల్ ఇచ్చిన అరగంట, ముప్పావుగంటకు నొప్పి కాస్త తగ్గుతుంది, ఆ తర్వాత గంటా గంటన్నర తాగించడానికి అనువైన సమయం. చాలా ఇళ్లలో జ్వరం ఉంటేనే మందు ఇస్తారు. ఇక్కడ జ్వరం లేకపోయినా నొప్పి కోసం ఇవ్వాలి, అదీ తిండికి ముందు.

బుధవారం ఈ పాప రోజు ఎలా గడిచిందో చూడండి. ఉదయం 7 గంటలకు మందు, ఆ తర్వాత చెంచాతో, కప్పుతో చల్లటి పాలు 90 మిల్లీలీటర్లు. పదకొండింటికి నీళ్లు 60. ఒంటిగంటకు రెండో డోసు, తర్వాత పాలు 120. సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా ఓఆర్‌ఎస్ 80. ఏడింటికి మూడో డోసు, తర్వాత పాలు 110. రాత్రి లేచినప్పుడు నీళ్లు 60. మొత్తం 520. మధ్యలో నాలుగు పెద్ద చెంచాల పెరుగు తిన్నది, దాని తడి కూడా కలుపుకుంటే గీత దాటింది. మూత్రం పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి ఎనిమిదింటికి వచ్చింది. ముద్ద తినలేదు. అయినా ఆ రోజు పాస్ అయినట్టే.

ఇలా కాగితం మీద రాసుకోవడం అతిగా అనిపించవచ్చు. కానీ రాయకపోతే "ఏమీ తాగట్లేదు" అన్న భయం, లేదా "తాగుతూనే ఉందిలే" అన్న ధీమా, ఈ రెండిట్లో ఏదో ఒకటి మిగులుతుంది. డాక్టర్ అడిగే మొదటి రెండు ప్రశ్నలు కూడా ఇవే: ఎంత తాగింది, చివరిసారి మూత్రం ఎప్పుడు వచ్చింది.

మందు కొలతలో జరిగే పొరపాటు

పారాసిటమాల్ మోతాదు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగు డోసులకు మించకుండా, డోసుకూ డోసుకూ కనీసం 4 నుంచి 6 గంటల ఎడంతో. 11 కిలోల పాపకు అది 110 నుంచి 165 మిల్లీగ్రాములు. చిక్కు ఎక్కడంటే సిరప్‌లు రకరకాల బలాల్లో ఉంటాయి. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే 5 మిల్లీలీటర్లు సరిపోతుంది. 5 మిల్లీలీటర్లలో 250 ఉన్నది అయితే 3 మిల్లీలీటర్లు చాలు. రెండోదాన్ని మొదటిదానిలా 5 మిల్లీలీటర్లు పోస్తే ప్రతిసారీ 250 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తుంది. పసిపిల్లల చుక్కల మందు ఇంకా గాఢంగా ఉంటుంది. అమ్మ ఒక సీసా, అమ్మమ్మ ఇంకో సీసా వాడే ఇంట్లో ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. సీసా మీద రాసిన బలం, పిల్ల బరువు, ఈ రెండూ డాక్టర్‌కో ఫార్మసిస్టుకో చెప్పి మిల్లీలీటర్లలో ఎంతో అడిగి రాసుకోవాలి.

ఇబుప్రోఫెన్ కూడా నొప్పికి పనిచేస్తుంది, కానీ ఒంట్లో నీరు తగ్గిన పిల్లలకు అది కిడ్నీల మీద భారం వేస్తుంది. సరిగా తాగని పిల్లకు డాక్టర్‌ని అడగకుండా ఇవ్వకపోవడం మేలు. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు ఇవ్వనే కూడదు. వైరల్ జ్వరాల్లో అది రేయీ సిండ్రోమ్ అనే ప్రమాదకరమైన స్థితికి దారితీయగలదు.

నోట్లో పూసే జెల్‌ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా తెచ్చిపెడతారు. బెంజోకేయిన్ ఉన్నవి రెండేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో గట్టిగా హెచ్చరించింది. రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితి రావచ్చన్నది దాని భయం. కోలిన్ సాలిసిలేట్ ఉన్న జెల్ ఆస్పిరిన్ జాతిది. లిడోకేయిన్ ఎక్కువగా మింగితే ఫిట్స్, గుండె సమస్యలు రావచ్చు. పోనీ ఆ ప్రమాదానికి తగిన లాభమైనా ఉందా అంటే, మెల్‌బోర్న్‌లో నోటి పుండ్లున్న పిల్లల మీద చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో లిడోకేయిన్ పూసిన పిల్లలు ఉత్తుత్తి మందు పూసినవాళ్లకంటే ఎక్కువేమీ తాగలేదు. ఆ జెల్ డబ్బాను అలమరలోనే ఉంచడం మంచిది.

ఏమివ్వాలి, ఎలా ఇవ్వాలి

చల్లదనం పుండ్లను మొద్దుబారుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు, పెరుగు, ఐస్‌క్రీమ్, చల్లటి నీళ్లు, పిల్ల ఇష్టపడితే చప్పరించడానికి గడ్డకట్టిన పాలు. జలుబు చేస్తుందని భయపడి వేడివేడిగా ఇస్తే అదే పుండు మీద మంట పెడుతుంది, ఆ అనుభవం తర్వాత గ్లాసు చూస్తేనే ఏడుపు. పుల్లటి పండ్ల రసాలు, ఉప్పు, కారం, కరకరలాడేవి కూడా ఈ నాలుగు రోజులు వద్దు. నిమ్మ, నారింజ రసం ఆరోగ్యానికి మంచిదన్న ఉద్దేశంతో ఇచ్చి పిల్లను ఇంకా బెదరగొట్టేవాళ్లు కొందరుంటారు.

సీసా నిపుల్‌ను పీల్చేటప్పుడు అంగిలి మీద లాగుడు పడుతుంది, అక్కడే పుండ్లుంటాయి. మూత లేని కప్పు, చెంచా లేదా సిరంజి నయం. సిరంజితో ఇచ్చేటప్పుడు బుగ్గ లోపలివైపు మెల్లగా వదలాలి, గొంతులోకి చిమ్మకూడదు. తల్లిపాలు తాగే బిడ్డకు పాలు ఆపాల్సిన పనిలేదు. ఒకేసారి ఎక్కువసేపు కాకుండా తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు ఇవ్వాలి. బొత్తిగా నోరు పెట్టకపోతే తల్లిపాలనే పిండి తీసి చెంచాతో పట్టవచ్చు.

మంచినీళ్లు ఒక్కటే రోజుల తరబడి ఇస్తే ఇంకో చిక్కుంది. చిన్నపిల్లల కాలేయంలో చక్కెర నిల్వ తక్కువ, తిండి లేకుండా ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి మరీ నీరసిస్తారు. అందుకే లోపలికి వెళ్లే ద్రవంలో సగానికైనా పాలలాంటి శక్తినిచ్చేవి ఉండాలి. విరేచనాలు లేవు కాబట్టి ఓఆర్‌ఎస్సే తాగాలన్న నియమం లేదు. కొందరికి దానిలోని ఉప్పు మండుతుంది కూడా. ఇస్తే మాత్రం ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్లలోనే కలపాలి. గట్టి తిండి గురించి మూడు నాలుగు రోజులు బెంగపడక్కర్లేదు. నోరు మానాక ఆకలి తిరిగొస్తుంది, తగ్గిన బరువూ వస్తుంది.

డీహైడ్రేషన్ గుర్తుపట్టడానికి అందరూ చెప్పే గుర్తు నోరు ఎండిపోవడం. ఈ జబ్బులో అది మోసం చేస్తుంది. మింగడానికి భయపడి పిల్ల చొంగ బయటికే వదిలేస్తుంటుంది కాబట్టి ఒంట్లో నీరు తగ్గినా నోరు తడిగానే కనిపించవచ్చు. నమ్మదగినవి మూత్రం, ఏడ్చేటప్పుడు కన్నీళ్లు, చురుకుదనం. ఇప్పటి డైపర్లు బాగా పీల్చేస్తాయి గనుక తడి తెలియదు. లోపల ఒక టిష్యూ కాగితం పెడితే తెలిసిపోతుంది. మన ఉదాహరణలోని పాపకు మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత రాత్రి పదింటిదాకా మూత్రం రాకుంటే, అంటే తొమ్మిది గంటలైతే, తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సి ఉండేది. అక్కడ ముక్కులోంచి గొట్టం ద్వారా గానీ సెలైన్ ద్వారా గానీ ద్రవం ఎక్కిస్తారు. చాలామంది పిల్లలు దానితో కొన్ని గంటల్లోనే తేరుకుంటారు.

నీటితో సంబంధం లేని ప్రమాద గుర్తులు కొన్ని ఉన్నాయి, అవి ఎంటెరోవైరస్ ఎ71కి చెందినవి. తైవాన్‌లో 1998లో ఈ రకం పెద్ద ఎత్తున వ్యాపించి 78 మంది పిల్లలు చనిపోయారు. అరుదైనదే అయినా గుర్తులు తెలిసి ఉండాలి. నిద్రపట్టే సమయంలో పిల్ల మాటిమాటికీ ఒళ్లు జలదరించినట్టు ఉలిక్కిపడటం, నడక తూలడం, చేయో కాలో బలహీనపడటం, ఆగని వాంతులు, ఎగశ్వాస, లేపినా సరిగా లేవకపోవడం, మూడు రోజులు దాటినా తగ్గని జ్వరం. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఎ71కి చైనాలో టీకా ఉంది, అది కాక్సాకీ రకాల నుంచి కాపాడదు.

మళ్లీ డేకేర్‌కి

గురువారం కూడా బుధవారంలాగే గడిచింది. ఆ రాత్రి తర్వాత జ్వరం లేదు. శుక్రవారం 750 మిల్లీలీటర్లు తాగింది. శనివారం చొంగ తగ్గింది, ఆదివారం మందు లేకుండా మెత్తటి తిండి తిన్నది. సోమవారం పంపవచ్చా? అరికాళ్ల మీద ఇంకా గోధుమరంగు మచ్చలున్నాయి.

పంపవచ్చు. మచ్చల్ని బట్టి జబ్బు ఇంకా అంటుతుందో లేదో చెప్పలేం, ఎందుకంటే వైరస్ వెళ్లే దారి వేరు. లక్షణాలు రాకముందే అది చొంగలో, మలంలో బయటికి వస్తుంది. ముక్కు, గొంతు నుంచి ఒకటి నుంచి మూడు వారాలు, మలంలోనైతే చర్మం పూర్తిగా మానాక కూడా వారాల తరబడి వస్తూనే ఉంటుంది. జబ్బే కనిపించని పిల్లలు, పెద్దలు కూడా దాన్ని మోస్తుంటారు. అంటే మచ్చలన్నీ పోయేదాకా ఇంట్లో ఉంచితే వ్యాప్తి ఆగుతుందన్న లెక్క కుదరదు. పూర్తిగా ఆగేదాకా ఉంచాలంటే రెండు నెలలు ఉంచాలి, ఆ గదిలోని మిగతా పిల్లల్లో కొందరికి ఈలోపే సోకి ఉంటుంది.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అందుకే జ్వరం లేకుండా, నోటి పుండ్లతో చొంగ అదుపు లేకుండా కారకుండా, పిల్ల హుషారుగా ఉంటే పంపవచ్చంటుంది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ కూడా పొక్కులు మానేదాకా ఆగక్కర్లేదు, ఒంట్లో బాగుంటే చాలంటుంది. ఆస్ట్రేలియా మార్గదర్శకాలు పొక్కులన్నీ ఎండేదాకా ఉంచమంటాయి. చితికిన పొక్కులోని నీటిలో వైరస్ ఉంటుంది కాబట్టి దానికీ ఒక అర్థం ఉంది. రసి కారే పొక్కులున్నంతవరకు ఆగడం, ఎండిన మచ్చలకు ఆగకపోవడం న్యాయమైన మధ్యమార్గం. డేకేర్‌కి సొంత నియమం ఉంటే దాన్ని పాటించక తప్పదు. "ఇక అంటదు" అని డాక్టర్ సర్టిఫికెట్ తెమ్మంటే మాత్రం అది ఎవరూ నిజాయితీగా ఇవ్వలేని కాగితం.

ఇంటివైపు నుంచి జరిగే తప్పు ఒకటుంది: పొద్దున్నే మందు వేసి జ్వరం దించి పంపడం. నాలుగైదు గంటల్లో జ్వరం తిరిగొస్తుంది, నోరు మండి పిల్ల మధ్యాహ్నం తినదు, డేకేర్‌లో ఒక్కో పిల్లకు ఐదు నిమిషాలకోసారి చెంచా పట్టే తీరిక ఎవరికీ ఉండదు. మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోవడం, కప్పుతో తనంతట తాను మామూలుగా తాగడం, ఈ రెండూ కుదిరాకే పంపాలి.

వ్యాప్తిని తగ్గించేది డైపర్ మార్చే చోట జరిగే పని. డైపర్ మార్చిన ప్రతిసారీ పెద్దవాళ్లు సబ్బు, నీళ్లతో చేతులు కడుక్కోవాలి, పిల్ల చేతులు కూడా కడగాలి. ఈ వైరస్‌కు కొవ్వు పొర ఉండదు కాబట్టి ఆల్కహాల్ శానిటైజర్ దీని మీద బలహీనం. బల్లను, బొమ్మల్ని ముందు సబ్బుతో కడిగి, తర్వాత లీటరు నీళ్లకు 5 శాతం బ్లీచ్ 20 మిల్లీలీటర్లు కలిపిన ద్రావణంతో తుడిచి, కొన్ని నిమిషాలు అలాగే వదిలి, నోట్లో పెట్టుకునేవాటిని మంచినీళ్లతో కడగాలి. ద్రావణం ఏ రోజుకారోజు కొత్తగా కలపాలి. ఇంట్లో కూడా కొన్ని వారాలు ఇదే పద్ధతి. పెద్దవాళ్లకూ జబ్బు రావచ్చు. కాన్పు దగ్గరపడిన గర్భిణి ఇంట్లో ఉంటే ఆమె డాక్టర్‌కి విషయం చెప్పాలి, పుట్టిన కొద్ది రోజుల్లో సోకితే పసిగుడ్డుకు తీవ్రం కావచ్చు.

ఒకసారి వస్తే మళ్లీ రాదని లేదు. ఎ16 వచ్చినంత మాత్రాన ఎ6 నుంచి రక్షణ ఉండదు. డేకేర్ పిల్లలకు రెండోసారి వచ్చిందంటే రోగనిరోధక శక్తి తక్కువని కాదు, సాధారణంగా వైరస్ రకం మారిందని. అలాగే ఎ6 తర్వాత వేళ్ల చర్మం పొరలుగా రాలవచ్చు, జబ్బు తగ్గిన నెల, రెండు నెలలకు గోళ్లు మొదటి నుంచి విడిపోయి ఊడవచ్చు. నొప్పి ఉండదు, మందు అక్కర్లేదు. వేలాడే అంచు బట్టలకు తగులుకోకుండా కత్తిరిస్తే చాలు, కింద కొత్త గోరు అప్పటికే మొలుస్తూ ఉంటుంది.